మార్చి 31న గోదాములో లెక్క తప్పితే ఈ ఏటి లాభం, వచ్చే ఏటి లాభం ఎలా మారతాయి?

ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణం భాగస్తులు రెండేళ్ల లెక్కలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. 2023-24లో అమ్మకాలు కోటి రూపాయలు, నికర లాభం 9 లక్షలు. 2024-25లో అమ్మకాలు కోటీ 10 లక్షలకు పెరిగాయి, లాభం మాత్రం 7 లక్షల 60 వేలకు పడిపోయింది. అద్దె పెద్దగా పెరగలేదు, జీతాలూ అంతే. "సరుకు ఎటో పోతోందండీ" అన్నాడు వాళ్లలో పెద్దాయన. గోదాము తాళాలు ఉండే గుమాస్తా మీద అప్పటికే అనుమానం పెట్టుకుని వచ్చారు.

సరుకు ఎటూ పోలేదు. 2024 మార్చి 31న సరుకు లెక్క పెట్టినప్పుడు 100 బియ్యం బస్తాలు, అంటే లక్షా 20 వేల రూపాయల సరుకు, ఎక్కువ రాసుకున్నారు, అంతే. ఆ ఒక్క తప్పు ముందేటి లాభాన్ని పెంచింది, మరుసటేటి లాభాన్ని తగ్గించింది, మధ్యలో ఒక మనిషిని దొంగను చేయబోయింది. ఇలాంటి తప్పును ఎలా కొలవాలో, ఎలా పట్టుకోవాలో, ఎలా సరిచేయాలో ఈ దుకాణం లెక్కతోనే చెబుతాను. అంకెలు చదవడానికి వీలుగా గుండ్రం చేశాను.

## క్లోజింగ్ స్టాకు లాభంలోకి ఎలా వస్తుంది

ఏడాదిలో అమ్మిన సరుకు మనకు ఎంతకు పడిందో చాలా దుకాణాల్లో రోజువారీగా రాయరు. ఏడాది చివర వెనక్కి లెక్కేస్తారు. ఏడాది మొదట్లో ఉన్న సరుకుకు ఏడాదంతా కొన్నది కలిపి, చివర్లో మిగిలినది తీసేస్తే మిగతాదంతా అమ్ముడైందని అర్థం.

అమ్మిన సరుకు ఖరీదు = ఓపెనింగ్ స్టాకు + కొనుగోళ్లు − క్లోజింగ్ స్టాకు

స్థూల లాభం = అమ్మకాలు − అమ్మిన సరుకు ఖరీదు

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొనుగోళ్లకు బిల్లులున్నాయి, అమ్మకాలకు బిల్లులున్నాయి. క్లోజింగ్ స్టాకుకు మాత్రం ఒక మనిషి గోదాములో నిలబడి కాగితం మీద రాసిన అంకె తప్ప వేరే ఆధారం లేదు. ఆ అంకె లక్షా 20 వేలు ఎక్కువైతే అమ్మిన సరుకు ఖరీదు అంతే తగ్గుతుంది, లాభం అంతే పెరుగుతుంది. శాతాలూ వాటాలూ ఏమీ ఉండవు, రూపాయికి రూపాయి.

ఖాతాల మొత్తాలు రెండు వైపులా కలిశాయా అని చూసే అంకణా ఈ తప్పును పట్టుకోదు. క్లోజింగ్ స్టాకును వర్తకపు ఖాతాలో ఒక వైపు, ఆస్తి అప్పుల పట్టీలో ఇంకో వైపు ఒకే అంకెతో రాస్తాం కాబట్టి తప్పు అంకె కూడా రెండు వైపులా సమానంగా కూర్చుంటుంది. సరుకు లక్షా 20 వేలు ఎక్కువ కనిపిస్తుంది, లాభం ద్వారా మూలధనం కూడా లక్షా 20 వేలు ఎక్కువ కనిపిస్తుంది. పట్టీ పైసాతో సహా కలుస్తుంది. "టాలీ అయింది కదండీ" అని ధీమాగా ఉండేది సరిగ్గా ఇక్కడే.

## మొదటి అడుగు: తప్పుకు గుర్తు పెట్టండి

ఈ ఏడాది క్లోజింగ్ స్టాకే వచ్చే ఏడాది ఓపెనింగ్ స్టాకు. సూత్రంలో క్లోజింగ్‌ను తీసేస్తాం, ఓపెనింగ్‌ను కలుపుతాం. అందుకే ఒకే తప్పు ఈ ఏడాది లాభాన్ని ఒక వైపుకు లాగి, వచ్చే ఏడాది లాభాన్ని అంతే రెండో వైపుకు లాగుతుంది.

ఇది ఎక్కువా, అది తక్కువా అని నోటి లెక్కతో పోతే ఆరో అడుగులో తికమక పడతారు. దానికి బదులు సరుకు ఎక్కువ రాస్తే ప్లస్, తక్కువ రాస్తే మైనస్ అని తప్పుకు గుర్తు పెట్టేయండి. తర్వాత ఏ ఏడాదికైనా ఒకటే లెక్క:

ఆ ఏటి లాభంలో తప్పు = క్లోజింగ్ స్టాకులో తప్పు − ఓపెనింగ్ స్టాకులో తప్పు

జవాబు ప్లస్ వస్తే పుస్తకాల్లో లాభం అంత ఎక్కువ చూపించారని, మైనస్ వస్తే అంత తక్కువ చూపించారని అర్థం. మన దుకాణానికి 2023-24లో ఓపెనింగ్ సరిగ్గానే ఉంది, క్లోజింగ్‌లో +1,20,000 తప్పు. అంటే లాభం 1,20,000 ఎక్కువ. 2024-25లో క్లోజింగ్ సరిగ్గా ఉంది, ఓపెనింగ్‌లో +1,20,000 తప్పు. అంటే లాభం 1,20,000 తక్కువ.

సరుకు తక్కువ రాసుకుంటే ఇదంతా తిరగబడుతుంది. ఈ ఏడు లాభం తక్కువ, వచ్చే ఏడు ఎక్కువ. విడిగా గుర్తు పెట్టుకోనక్కర్లేదు, మైనస్ గుర్తు పెట్టి అదే లెక్క చేస్తే చాలు.

తప్పు బస్తాల సంఖ్యలోనే ఉండాలని లేదు. బస్తాలు సరిగ్గా లెక్కపెట్టి, కొన్న ధర 1,200కు బదులు అమ్మే ధర 1,350 వేసినా, కూడికలో ఒక సున్నా జారినా ఫలితం ఇదే. చివరికి రూపాయల్లో ఎంత తేడా వచ్చిందన్నదే లాభాన్ని కదిలిస్తుంది.

## రెండో అడుగు: రెండేళ్లనూ పక్కపక్కన వేయండి

ఒక్క ఏడాదినే సరిచేసి ఆగిపోవడం చాలామంది చేసే పొరపాటు. రెండేళ్లూ ఒకే కాగితం మీద ఉండాలి, ఒక్కో ఏడాదికి రెండు వరుసలు ఉండాలి: పుస్తకాల్లో ఉన్నది, అసలు ఉండాల్సింది.

| | 2023-24 పుస్తకాల్లో | 2023-24 అసలు | 2024-25 పుస్తకాల్లో | 2024-25 అసలు |
|---|---|---|---|---|
| అమ్మకాలు | 1,00,00,000 | 1,00,00,000 | 1,10,00,000 | 1,10,00,000 |
| ఓపెనింగ్ స్టాకు | 12,00,000 | 12,00,000 | 15,00,000 | 13,80,000 |
| కొనుగోళ్లు | 90,00,000 | 90,00,000 | 97,00,000 | 97,00,000 |
| క్లోజింగ్ స్టాకు | 15,00,000 | 13,80,000 | 14,00,000 | 14,00,000 |
| అమ్మిన సరుకు ఖరీదు | 87,00,000 | 88,20,000 | 98,00,000 | 96,80,000 |
| స్థూల లాభం | 13,00,000 | 11,80,000 | 12,00,000 | 13,20,000 |
| ఖర్చులు | 4,00,000 | 4,00,000 | 4,40,000 | 4,40,000 |
| నికర లాభం | 9,00,000 | 7,80,000 | 7,60,000 | 8,80,000 |

వేసిన లెక్క సరైందో కాదో చూసుకోవడానికి రెండేళ్ల నికర లాభాన్ని కలపండి. పుస్తకాల ప్రకారం 9,00,000 + 7,60,000 = 16,60,000. అసలు ప్రకారం 7,80,000 + 8,80,000 = 16,60,000. రెండు మొత్తాలూ కలవాలి. కలవకపోతే రెండో ఏడాది ఓపెనింగ్‌ను మార్చడం మరిచిపోయి ఉంటారు, లేదా రెండో ఏడాది క్లోజింగ్‌లో కూడా తప్పుంది.

మొత్తం కలుస్తుంది కాబట్టి "రెండేళ్లలో సర్దుకుపోతుంది, వదిలేయండి" అనే మాట మా వృత్తిలో తరచుగా వినిపిస్తుంది. ఆ మాటతో నేను ఒప్పుకోను. ఎందుకో ఈ పట్టికలోనే ఉంది. పుస్తకాల ప్రకారం లాభం 9 లక్షల నుంచి 7 లక్షల 60 వేలకు, అంటే లక్షా 40 వేలు పడిపోయింది. అసలు లెక్కలో 7 లక్షల 80 వేల నుంచి 8 లక్షల 80 వేలకు, అంటే లక్ష రూపాయలు పెరిగింది. ఈ రెండు కథలకీ మధ్య దూరం 2,40,000. తప్పు జరిగింది లక్షా 20 వేలకే, కానీ ఏడాదికీ ఏడాదికీ పోల్చినప్పుడు దాని ప్రభావం రెండింతలైంది. ముందేటి అంకెను పైకి, తర్వాతేటి అంకెను కిందికి లాగడం వల్ల వచ్చే రెట్టింపు ఇది. వ్యాపారం పెరుగుతున్న దుకాణం కూడా దిగిపోతున్నట్టు కనబడేది అందుకే. భాగస్తులు పోల్చి చూసుకునేదీ, బ్యాంకు వాళ్లు చూసేదీ ఆ తేడానే.

## మూడో అడుగు: లెక్క తప్పా, సరుకు నిజంగా పోయిందా

లాభం పడిపోయిందనగానే అందరికీ ముందు తట్టేది దొంగతనం. లెక్క తప్పు తిరగబడుతుంది, దొంగతనం తిరగబడదు. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

చూడాల్సింది స్థూల లాభం శాతం, అంటే స్థూల లాభాన్ని అమ్మకాలతో భాగించి వచ్చేది. రెండేళ్లు చాలవు, కనీసం మూడేళ్లది వేయాలి. ఈ దుకాణంలో 2022-23లో 12 శాతం. పుస్తకాల ప్రకారం 2023-24లో 13 శాతం, 2024-25లో 10.9 శాతం. ఒక ఏడాది మామూలు కన్నా పైకి లేచి, వెంటనే మరుసటేడు మామూలు కన్నా కిందికి దిగింది. ఈ గూని, దాని పక్కనే గొయ్యి కనబడితే మధ్యలో ఉన్న మార్చి 31 స్టాకు షీటు తెరవాలి. అసలు అంకెలతో చూస్తే అదే వరుస 12, 11.8, 12 అవుతుంది. అది దుకాణం మామూలు నడక.

సరుకు నిజంగా పోతుంటే బొమ్మ వేరుగా ఉంటుంది. శాతం మామూలు నుంచి కిందికి దిగి అక్కడే ఉంటుంది, దానికి ముందు ఏ ఏడాదీ అకారణంగా పైకి లేచి ఉండదు. అయితే దీన్ని సూచనగానే తీసుకోండి. బియ్యం, పప్పు, నూనె ధరలు ఏడాది మధ్యలో బాగా ఎగిరి పడితే పాత సరుకు మీద లాభం మారి శాతం కదులుతుంది. అమ్మే సరుకుల కలగలుపు మారినా కదులుతుంది. శాతం ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఎంత తప్పో చెప్పాలంటే బస్తాలు లెక్కపెట్టాల్సిందే.

## నాలుగో అడుగు: తప్పు ఎంతో సంఖ్యలో పట్టుకోవడం

ఏడాది గడిచిపోయాక ఆనాటి గోదామును మళ్లీ చూడలేం. కానీ ఒక్కో సరుకుకూ బిల్లుల నుంచి ఆనాటి నిల్వను తిరిగి కట్టవచ్చు. అన్ని సరుకులూ అక్కర్లేదు. స్టాకు షీటులో విలువ ఎక్కువగా ఉన్న నాలుగైదు సరుకులతో మొదలుపెట్టండి. చిల్లర సామాను మొత్తం కలిపినా లక్ష రూపాయల తేడా రావడం అరుదు.

మేము 26 కిలోల సన్నబియ్యం బస్తాలు తీసుకున్నాం. 2023 మార్చి 31న 140 బస్తాలు. ఏడాదిలో మిల్లు బిల్లుల ప్రకారం వచ్చినవి 1,860. అమ్మకాల బిల్లుల ప్రకారం పోయినవి 1,800. అంటే 2024 మార్చి 31న 200 ఉండాలి. స్టాకు షీటులో పెన్సిలుతో "6 × 10 × 5 = 300" అని ఉంది. బస్తా మనకు పడిన ధర లారీ కిరాయితో కలిపి 1,200. నూరు బస్తాలకు 1,20,000.

ఆ గుణకారమే కథంతా చెప్పింది. గోదాము ముందు తలుపు దగ్గర నిలబడితే బస్తాల దొంతర గోడలా కనిపిస్తుంది. అడ్డంగా ఆరు, ఎత్తుకు పది. లోపలికి ఐదు వరుసలు. లెక్కపెట్టినవాళ్లు కంటికి కనబడిన 60 బస్తాలను ఐదుతో గుణించి రాసేశారు. వెనక తలుపు ఒకటుంది, లారీకి ఎక్కించేటప్పుడు హమాలీలు అటునుంచే తీస్తారు. ముందు మూడు వరుసలు నిండుగా ఉన్నాయి, అవి 180. వెనక రెండు వరుసల్లో మిగిలినవి 20. దొంతర ముందు నుంచి నిండుగా, వెనక నుంచి బోలుగా ఉంది. ఆ పూట ఎవరూ వెనక్కి వెళ్లలేదు.

ఇలా తిరిగి కట్టిన అంకెను ఇంకో వైపు నుంచి కూడా సరిచూడాలి, లేకపోతే బిల్లు లేకుండా అమ్మిన సరుకును లెక్క తప్పు అనుకునే ప్రమాదం ఉంది. 200 బస్తాలతో మొదలై, 2024-25లో వచ్చినవి కలిపి, అమ్మినవి తీసేస్తే 2025 మార్చి 31న జాగ్రత్తగా లెక్కపెట్టిన సంఖ్య రావాలి. వచ్చింది. 300తో మొదలుపెడితే 100 బస్తాలు తేలవు. గుమాస్తా మీద అనుమానం తొలగింది ఇక్కడే. పెద్దాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

## ఐదో అడుగు: తప్పు స్టాకులో ఉందా, కొనుగోళ్లలో ఉందా

తేడా కనబడగానే స్టాకు అంకె మీద చెయ్యి వేయకండి. మార్చి చివరి రెండు మూడు రోజుల్లో వచ్చిన, పోయిన సరుకుల బిల్లులు ముందు చూడండి. ఒక్కోసారి స్టాకు లెక్క సరిగ్గానే ఉంటుంది, బిల్లు తప్పు ఏడాదిలో పడి ఉంటుంది.

మార్చి 30న 80,000 రూపాయల నూనె డబ్బాలు దిగాయనుకోండి. సరుకు గోదాములో ఉంది కాబట్టి స్టాకులో రాశారు. బిల్లు ఏప్రిల్ 3న చేతికొచ్చింది, ఆ తేదీతోనే కొనుగోళ్లలో రాశారు. ఇప్పుడు 2023-24లో సరుకు ఉంది గానీ కొన్నట్టు లేదు, లాభం 80,000 ఎక్కువ. 2024-25లో ఆ డబ్బాలు ఓపెనింగ్‌లోనూ ఉన్నాయి, కొనుగోళ్లలోనూ ఉన్నాయి, లాభం 80,000 తక్కువ. చూడటానికి స్టాకు ఎక్కువ రాసిన తప్పులాగే ఉంటుంది. సరిచేయాల్సింది మాత్రం స్టాకును కాదు, కొనుగోలును. మొదటి ఏడాదిలోకి కొనుగోలు తేవాలి, ఆ వ్యాపారికి బాకీ ఉన్నట్టు కూడా చూపించాలి. ఇక్కడ పొరపాటున స్టాకు తగ్గిస్తే మొదటి ఏడాది లాభం సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ ఆస్తి అప్పుల పట్టీలో ఉన్న సరుకూ మాయమవుతుంది, ఉన్న బాకీ కూడా కనబడదు.

అదే నూనె డబ్బాలను స్టాకులో రాయడం మరిచి, బిల్లు కూడా ఏప్రిల్లోనే రాస్తే లాభానికి ఏమీ కాదు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పట్టీలో మాత్రం సరుకూ బాకీ రెండూ 80,000 తక్కువ ఉంటాయి.

అమ్మకాల వైపు కూడా ఇలాంటిదే ఒకటుంది. మార్చి 31న బిల్లు కొట్టి, లారీ రాక ఏప్రిల్ 1 వరకూ గోదాములోనే ఉండిపోయిన సరుకు. అది అప్పటికే కొన్నవాళ్లదైపోయి ఉంటే మన స్టాకులో రాయకూడదు. రాస్తే దాని మీద అమ్మకమూ వచ్చింది, సరుకూ మిగిలింది అన్నట్టవుతుంది. లెక్కపెట్టే రోజున అలాంటి బస్తాలకు సుద్దతో గుర్తు పెట్టి పక్కకు జరిపించండి.

## ఆరో అడుగు: రెండో ఏడాది చివర కూడా తప్పుంటే

ఇంతవరకూ 2025 మార్చి లెక్క సరిగ్గా ఉందనుకున్నాం. అది నిజమో కాదో చూడకుండా "రెండేళ్లలో సర్దుకుంది" అనకూడదు. ఆ ఏడాది కూడా 50,000 ఎక్కువ రాసి ఉంటే ఏమయ్యేదో మొదటి అడుగులోని సూత్రంతో చూడండి. 2024-25లో తప్పు = 50,000 − 1,20,000 = −70,000. 2025-26లో తప్పు = 0 − 50,000 = −50,000. మూడేళ్లలో +1,20,000, −70,000, −50,000. కలిపితే సున్నా, కానీ తప్పు మూడో ఏడాదికి పాకింది.

అన్నిటికన్నా చెడ్డది ఏటా ఒకే తప్పు జరగడం. మూలన పడి పురుగు పట్టిన సరుకును ఏటా అదే 1,20,000కు రాసుకుంటూ పోతే మధ్య ఏళ్లలో సూత్రం 1,20,000 − 1,20,000 = 0 అంటుంది. లాభం సరిగ్గా ఉంటుంది, శాతం మామూలుగా ఉంటుంది, గూని గొయ్యి ఏదీ కనబడదు. ఆస్తి అప్పుల పట్టీలో మాత్రం లేని విలువ ఏళ్ల తరబడి కూర్చుంటుంది. ఏదో ఒక ఏడాది ఎవరో దాన్ని చూసి తీసేస్తారు, ఆ ఒక్క ఏడాది లాభం మీద మొత్తం పడుతుంది. కాబట్టి శాతాలు నిలకడగా ఉన్నాయి కదా అని స్టాకు సరిగ్గా ఉందనుకోవద్దు. మారకుండా ఏటా అదే సంఖ్యతో వస్తున్న సరుకులను స్టాకు షీట్లలో వెతకండి. వాటిని కొన్న ధరకు కాక, ఇప్పుడు అమ్మితే చేతికొచ్చే సొమ్ము అంతకన్నా తక్కువైతే దానికే రాయాలి.

## ఏడో అడుగు: సర్దుకోనిది ఎవరికో చూడండి

లాభం రెండేళ్లలో సర్దుకుంటుంది. కానీ ఆ రెండేళ్లూ పంచుకున్నవాళ్లు ఒకరే కాకపోతే మనుషుల మధ్య సర్దుకోదు.

ఈ దుకాణంలో ముగ్గురు సమాన భాగస్తులు. వాళ్లలో ఒకాయన 2024 మార్చి 31న విరమించుకుని తన లెక్క తీసుకుని వెళ్లిపోయాడు. ఏప్రిల్ 1 నుంచి ఆయన స్థానంలో, అదే వాటాకు, కొత్త భాగస్తుడు చేరాడు. 2023-24 లాభం 9 లక్షలుగా పంచారు కాబట్టి ఒక్కొక్కరికి 3,00,000. అసలు 7,80,000 ప్రకారం రావాల్సింది 2,60,000. వెళ్లినాయన 40,000 ఎక్కువ పట్టుకెళ్లాడు. 2024-25లో 7,60,000 పంచితే కొత్తాయన వాటా 2,53,333. అసలు 8,80,000 మీద రావాల్సింది 2,93,333. ఆయనకు 40,000 తగ్గింది. పాతవాళ్లిద్దరికీ ముందేడు 40,000 ఎక్కువ, తర్వాతేడు 40,000 తక్కువ, కలిపితే తేడా లేదు. తాను రాకముందు జరిగిన తప్పుకు కొత్తగా వచ్చినాయన డబ్బు కట్టాడన్నమాట.

విరమించేటప్పుడు దుకాణం పేరుకు కట్టే విలువను, అంటే గుడ్‌విల్‌ను, పాత లాభాల మీద కట్టి ఉంటే తప్పు ఇంకా లోతుకు పోతుంది. గత 3 ఏళ్ల సగటు లాభానికి రెండు రెట్లు అని ఒప్పందం ఉంటే, 1,20,000 తప్పు సగటును 40,000 పెంచుతుంది, గుడ్‌విల్‌ను 80,000 పెంచుతుంది. అందులో మూడో వంతు కూడా వెళ్లినాయనకే చేరి ఉంటుంది.

పన్ను సంగతి కొంచెం వేరు. భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం. పుస్తకాల లాభం మీద పన్ను కట్టే సంస్థకు 1,20,000 ఎక్కువ చూపడమంటే 37,440 రూపాయలు ఒక ఏడాది ముందే కట్టడం. మరుసటేడు అంతే తగ్గుతుంది, పోయేది ఏడాది వడ్డీ. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లకు శ్లాబులుంటాయి కాబట్టి రెండేళ్ల లాభాలు వేర్వేరు శ్లాబుల్లో పడితే మొత్తం పన్ను కూడా మారిపోవచ్చు. సరుకు తక్కువ చూపిన తప్పైతే పన్ను ఆలస్యంగా కట్టినట్టవుతుంది, దాని మీద వడ్డీ, జరిమానా ప్రశ్నలు వస్తాయి.

## ఎనిమిదో అడుగు: పుస్తకాల్లో సరిచేయడం

ఏ ఏడాదిలో తప్పు జరిగిందో ఆ పుస్తకాలు ఇంకా మూయకపోతే, రిటర్ను దాఖలు చేయకపోతే పని తేలిక. క్లోజింగ్ స్టాకును 13,80,000కు మార్చండి, లాభం దానంతటదే 7,80,000కు వస్తుంది.

మూసేసిన తర్వాత బయటపడితే వెనక్కి వెళ్లి పాత అంకెను మార్చకండి. టాలీ సాఫ్ట్‌వేర్‌లో సరుకును పద్దుగా మాత్రమే నడిపే దుకాణాల్లో `Stock-in-Hand` కింది ఖాతాలో తేదీల వారీగా విలువ రాస్తారు. అక్కడ 2024 మార్చి 31 నాటి అంకె మారిస్తే చాలు, ముందేటి లాభం, మూలధనం వెంటనే మారిపోతాయి. దాఖలు చేసిన రిటర్నుకూ పుస్తకాలకూ పొంతన పోతుంది. అలా పొంతన లేని పుస్తకాలను సరిచేయడానికే నాకు రెండు రోజులు పట్టిన సందర్భాలున్నాయి.

తప్పు బయటపడినప్పటికి ఇంకా మూయని ఏడాదిలో, అంటే 2024-25లో, దాన్ని గత కాలపు సవరణగా విడిగా చూపించాలి. భాగస్తుల మధ్య న్యాయం జరగాలంటే దాన్ని తప్పు లాభం పంచుకున్నవాళ్ల ఖాతాల్లోకే పంపాలి. మేము రాసిన పద్దు ఇది: వెళ్లిన భాగస్తుడి ఖాతాకు 40,000, పాత భాగస్తులిద్దరి మూలధన ఖాతాలకు చెరో 40,000 డెబిట్. ఓపెనింగ్ స్టాకుకు 1,20,000 క్రెడిట్. దాంతో ఓపెనింగ్ 13,80,000 అయింది, 2024-25 లాభం 8,80,000 అయింది, ముగ్గురికీ 2,93,333 చొప్పున పంచారు. పాతవాళ్లకు 40,000 డెబిట్ పోయినా ఈ ఏటి వాటాలో 40,000 పెరిగింది. కొత్తాయనకు తగ్గిన 40,000 తిరిగి వచ్చింది. మిగిలింది వెళ్లినాయన పేరు మీద రావాల్సిన 40,000. దాన్ని అడగవచ్చా లేదా అన్నది విరమణ పత్రంలో ఏం రాసుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. అడగడం కుదరకపోతే ఆ మొత్తాన్ని పాత భాగస్తులిద్దరూ భరించాలి, కొత్తాయన కాదు.

ఈ పద్దు రాశాక చాలామంది జారిపడే చోటు పన్ను లెక్క. పుస్తకాల్లో 2024-25 లాభం ఇప్పుడు 8,80,000. 2023-24 రిటర్నును సవరించకపోతే ఆ ఏడాది 9,00,000 మీద పన్ను కట్టేసి ఉన్నారు. రెండూ కలిపితే 17,80,000 అవుతుంది, వచ్చిన లాభం 16,60,000 మాత్రమే. 1,20,000 మీద రెండుసార్లు పన్ను కట్టినట్టు. ఆదాయపు పన్ను లెక్కలో ఓపెనింగ్ స్టాకు విలువ ముందేటి క్లోజింగ్ విలువే అయి ఉండాలని స్టాకు విలువ కట్టడానికి ఉన్న పన్ను లెక్కల ప్రమాణం ఐసీడీఎస్ 2 చెబుతుంది. అందుకని పాత రిటర్ను అలాగే ఉంటే, పన్ను లెక్క కాగితం మీద పుస్తకాల లాభం 8,80,000లోంచి 1,20,000 తీసేసి 7,60,000తో ముందుకెళ్లాలి, తీసేసిన కారణాన్ని పక్కన రాసిపెట్టాలి. పాత రిటర్నును గడువులోపు సవరించి 7,80,000 చూపించి ఉంటే ఈ తీసివేత ఉండదు, 8,80,000 మీదే కట్టాలి. రెండింట్లో ఏదో ఒకటే చేయాలి.

ఈ కాగితాలన్నీ, పెన్సిలుతో "6 × 10 × 5" అని రాసిన ఆ స్టాకు షీటుతో సహా, 2024-25 ఫైల్లోనే పెట్టించాను. 2025 మార్చి షీటులో బియ్యం దగ్గర గుణకారం లేదు. వరుస వరుసకూ వేరుగా రాసిన సంఖ్యలున్నాయి, పక్కన వెనక తలుపు వైపు నుంచి లెక్కపెట్టినాయన సంతకం ఉంది. ఆయన ఎవరో కాదు, ఆ గుమాస్తానే.